యతికి చుట్టం చాలు, ప్రాసకు మనిషే రావాలి

పద్యపాదాలు నాలుగు ఇచ్చి, వీటిలో యతిప్రాసలు కుదిరినది ఏది అని అడిగితే చాలామంది మొదటి చూపులోనే జవాబు చెప్పేస్తారు. పాదం మొదట ‘క’ ఉంది, మధ్యలో ‘గ’ ఉంది, కాబట్టి యతి ఉంది. రెండో అక్షరం అన్ని పాదాల్లోనూ ‘న’లాగే కనిపిస్తోంది, కాబట్టి ప్రాస ఉంది. ఈ వేగంలోనే జవాబు తప్పుతుంది. ప్రశ్న తయారుచేసినవారు సరిగ్గా ఆ చూపును పట్టుకోవడానికే తప్పు పాదాలను అల్లుతారు.

యతి, ప్రాస రెండూ అక్షరాల పొత్తే అయినా రెండింటి న్యాయం ఒకటి కాదు. యతి హల్లు విషయంలో ఉదారంగా ఉంటుంది. అదే హల్లు దొరక్కపోతే దాని వర్గంలోని మరొకటి వచ్చినా ఒప్పుకుంటుంది, కానీ హల్లు మీద ఉన్న అచ్చు కూడా మైత్రి కలిగినదై ఉండాలంటుంది. ప్రాస దీనికి తలకిందులు. అచ్చు ఏదైనా దానికి పట్టదు, హల్లు మాత్రం అచ్చంగా అదే కావాలి. యతికి చుట్టం వస్తే చాలు, ప్రాసకు మనిషే రావాలి. ఒకదానికున్న సడలింపును రెండోదానికి అంటగట్టినప్పుడు తీర్పు తప్పుతుంది.

ఒక ప్రశ్న ముందు పెట్టుకుందాం. ఈ కింది ఉత్పలమాల ఈ వ్యాసం కోసం అల్లినదే. కవిత్వం మాట పక్కన పెట్టి నడక చూడండి. మూడు పాదాలు ఇవి.

వానలు వచ్చె నేడు మన పల్లెకు చల్లని గాలితోడుగా
మానులు పచ్చగా విరియ మట్టియు వాసన చిందె మెండుగా
చేనున నాగలిన్ నడిపి చిత్తము నిండగ రైతు నవ్వెగా

నాలుగో పాదంగా వీటిలో ఏది సరిపోతుంది?

అ) కోనల వాగులున్ పొరలి గట్టుల దాటెను జోరు హెచ్చగా
ఆ) కొండల వాగులున్ పొరలి గుట్టల దాటెను జోరు హెచ్చగా
ఇ) కోనల వాగులున్ పొరలి గుట్టల దాటెను జోరు హెచ్చగా
ఈ) మిన్నున మబ్బులున్ ముసిరి మెల్లగ నీడలు కమ్ముచుండెగా

గణాల దగ్గర నాలుగింటికీ ఇబ్బంది లేదు. భ, ర, న, భ, భ, ర, వ అన్న వరసలో ఇరవై అక్షరాలూ చక్కగా కూర్చున్నాయి. చదివితే నాలుగూ ఒకే ఊపుతో సాగుతాయి. అందుకే చెవి మీద మాత్రమే ఆధారపడితే ఇక్కడ పని జరగదు.

ప్రాసతోనే మొదలుపెట్టడం మేలు. అక్షరాలు లెక్కపెట్టే పని లేదు, ప్రతి పాదంలోనూ రెండో అక్షరం చూస్తే అయిపోతుంది. ఇచ్చిన మూడు పాదాల్లో అవి వరసగా న, ను, ను. అచ్చులు మారినా హల్లు ‘న’ మారలేదు, ప్రాసకు అంతే కావాలి. నాలుగో పాదంలోనూ రెండో అక్షరం ‘న’ హల్లుతోనే ఉండాలి. నా, ని, నె, నో ఏదైనా సరే. ‘ఆ’ పాదం ‘కొండల’ అని మొదలైంది. రెండో అక్షరం ‘డ’, పైగా దాని ముందు సున్న ఉంది. యతి చూస్తే కొ, గు బాగానే కలిశాయి. అయినా ప్రాస పోయింది కాబట్టి పాదం పోయినట్టే.

‘ఈ’ పాదం దగ్గర ఎక్కువమంది కాలు జారుతారు. ‘మిన్నున’లో కనిపించేది ‘న’ కుటుంబమే కదా అనిపిస్తుంది. కానీ రెండో అక్షరం ‘ను’ కాదు, ‘న్ను’. ఒంటి నకారానికి ద్విత్వ నకారం ప్రాస కాదు. మొదటి పాదంలో ద్విత్వం ఉంటే నాలుగింటిలోనూ ద్విత్వమే ఉండాలి. సంయుక్తాక్షరం ఉంటే నాలుగింటిలోనూ అదే సంయుక్తం ఉండాలి. సున్న ముందున్న హల్లయితే నాలుగింటిలోనూ ఆ సున్న ఉండాలి. ‘కొండ’కు ‘మెండు’ ప్రాస అవుతుంది, ‘కోడి’ కాదు. ‘మిన్ను’కు ‘వెన్న’ అవుతుంది, ‘వాన’ కాదు. ప్రాస పట్టుబట్టేది హల్లు పేరు దగ్గరే కాదు, అది కూర్చున్న తీరు దగ్గర కూడా.

ప్రాసకు మరో షరతు ఉంది. రెండో అక్షరానికి ముందున్న మొదటి అక్షరం అన్ని పాదాల్లోనూ గురువైతే గురువు, లఘువైతే లఘువు కావాలి. ఉత్పలమాలలో దీన్ని విడిగా చూడనక్కర్లేదు. మొదటి గణం భగణం కాబట్టి మొదటి అక్షరం ఎలాగూ గురువే అవుతుంది. కందంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. అక్కడ పాదాన్ని లఘువుతోనూ గురువుతోనూ మొదలుపెట్టవచ్చు కాబట్టి, ఒక పాదం ‘వనము’ అనీ మరో పాదం ‘వానలు’ అనీ మొదలైనా గణాలు ఒప్పుకోవచ్చు. ప్రాస ఒప్పుకోదు. ప్రాసలో సడలింపు అసలు లేదని కాదు. ల, ళ లాంటి కొద్ది జంటలను లాక్షణికులు అంగీకరించారు. అయితే యతికున్నంత పెద్ద బంధువర్గం ప్రాసకు లేదు.

ఇక మిగిలినవి అ, ఇ. రెండూ ‘కోనల’ అనే మొదలయ్యాయి, ప్రాస రెండింటిలోనూ ఉంది. తేడా ఒక్క మాటలో ఉంది. ఒకదానిలో ‘గట్టుల’, మరొకదానిలో ‘గుట్టల’. ఇక్కడ యతి రంగంలోకి దిగుతుంది.

ఉత్పలమాలలో యతి స్థానం పదో అక్షరం. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ పొత్తు కుదరాలి. అది ఎక్కడ పడుతుందో లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఛందస్సులో అక్షరమంటే ఒక్క ఊదులో పలికేది. ‘వాగులున్’ చివర ఉన్న పొల్లు నకారం వేరే అక్షరం కాదు, అది ముందున్న ‘లు’ను గురువు చేసి దానిలో కలిసిపోతుంది. సున్న అయినా అంతే, ఒత్తు అయినా అంతే. కో, న, ల, వా, గు, లున్, పొ, ర, లి అని తొమ్మిది అయ్యాక పదోది గు. పొల్లును విడిగా లెక్కపెట్టినవారికి పదో అక్షరం ‘లి’ అవుతుంది, యతి లేదని పాదాన్ని కొట్టేస్తారు. చంపకమాలలో ఈ స్థానం పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది. లెక్కపెట్టే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

ఇప్పుడు ‘కో’కు ఎవరు చుట్టాలో చూద్దాం. దీనికి రెండు వైపులా సంబంధం కలవాలి. హల్లు వైపు చూస్తే క, ఖ, గ, ఘ ఒక జట్టు. అలాగే ట, ఠ, డ, ఢ ఒకటి, త, థ, ద, ధ ఒకటి. చ, ఛ, జ, ఝలతో శ, ష, సలు కూడా చేరతాయి. ప, ఫ, బ, భలతో ‘వ’ చేరుతుంది. న, ణలు ఒకటి, ల, ళలు ఒకటి. ‘మ’, ‘ర’ దాదాపు ఒంటరివాళ్లు. ఈ జట్లను గుడ్డిగా బట్టీ పట్టనక్కర్లేదు. నోట్లో దాదాపు ఒకేచోట పుట్టే హల్లులు కలిసి ఉన్నాయి. అయితే పెదవులతోనే పలికే ‘మ’ను ‘ప’ జట్టు కలుపుకోలేదు. అది ముక్కుతో పలికేది కావడమే కారణం. ఉకారంతో ఉన్నప్పుడు మాత్రం ‘ము’కు పు, బు, భులతో పొత్తు అంగీకరించారు.

అచ్చుల వైపు మూడు గుంపులు. అ, ఆ, ఐ, ఔ ఒకటి. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒకటి. ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. ‘ఐ’, ‘ఔ’ మొదటి గుంపులో ఎందుకున్నాయని సందేహం వస్తే నెమ్మదిగా పలికి చూడండి, రెండూ ‘అ’తోనే మొదలవుతాయి. అచ్చుతోనే పాదం మొదలైతే మరో వెసులుబాటు ఉంది. అకారానికి ‘య’, ‘హ’లతోనూ పొత్తు కుదురుతుంది. అదే అచ్చుగుంపు మీద ఉన్నప్పుడు ఈ మూడూ ఒకరికొకరు సరిపోతారు.

ఈ రెండు తూకాలూ పట్టి చూస్తే ‘కో’కు ‘గు’ పూర్తిగా సరిపోతుంది. క, గలు ఒక జట్టు, ఓ, ఉలు ఒక గుంపు. కాబట్టి ‘ఇ’ సరైన జవాబు. ‘అ’ పాదంలో పదో అక్షరం ‘గ’. హల్లు కలిసింది కానీ ఓకారానికి అకారం మైత్రి లేదు. యతిభంగం. హల్లును మాత్రమే చూసే అలవాటున్నవారిని ఈ ‘గట్టుల’ మాట ఇట్టే పట్టేస్తుంది. ‘గుట్టల’ బదులు ‘తుప్పల’ అని పెట్టి ఉంటే దానికి తలకిందులైన తప్పు జరిగేది. ఓ, ఉలు కలిసేవి, క, తలు కలిసేవి కావు. రెండింటిలో ఏది లేకపోయినా యతి లేనట్టే, సగం యతి అంటూ ఏదీ లేదు.

పై మూడు పాదాలనూ ఇదే చూపుతో తిరగేయండి. మొదటిదానిలో ‘వా’కు ‘పల్లె’లోని ‘ప’ వచ్చింది, ఇది ‘వ’ను చేర్చుకున్న పవర్గం పొత్తు. రెండోదానిలో ‘మా’కు ‘మ’, ఇందులో చర్చకు తావు లేదు. మూడోదానిలో ‘చే’కు ‘చి’. హల్లు ఒకటే, ఏకారానికి ఇకారం చుట్టం. ఒకే పద్యంలో మూడు పాదాలకు మూడు రకాల యతి పడింది, అది దోషం కాదు. యతి ఏ పాదానికి ఆ పాదం తేల్చుకునే లెక్క, ప్రాస నాలుగు పాదాలూ కలిసి తేల్చుకునేది.

సంయుక్తాక్షరం యతి స్థానంలో పడితే కవికి ఇంకొంచెం వెసులుబాటు. ‘క్రు’లో క, ర రెండూ ఉన్నాయి కాబట్టి దేనితోనైనా పొత్తు కుదుర్చుకోవచ్చు. ‘కో’తో సరిపోతుంది, ‘రో’తోనూ సరిపోతుంది. ‘క్ష’ను కవర్గానికీ వాడతారు, అందులోని షకారాన్ని బట్టి చ, శ, సల జట్టుకూ వాడతారు. ప్రాసలో మాత్రం ఈ విడదీయడం చెల్లదు, అక్కడ సంయుక్తం మొత్తానికి సంయుక్తం మొత్తం రావాలి. మళ్లీ అదే తేడా.

పుస్తకాల్లో బిందుయతి అని మరొకటి కనిపిస్తుంది. సున్న ముందున్న ‘ప’ను ‘మ’తో, సున్న ముందున్న ‘త’ను ‘న’తో కలపవచ్చు. ‘ంప’ అనేటప్పుడు మనం పలికేది నిజానికి ‘మ్ప’ కదా. అయితే ఉత్పల, చంపకమాలల్లో దీనికోసం వెతకడం దండగ. సున్న ఉంటే దాని ముందు అక్షరం గురువవుతుంది. ఉత్పలమాలలో తొమ్మిదో అక్షరం, చంపకమాలలో పదో అక్షరం లఘువులే కావాలి. కాబట్టి అక్కడ సున్నకు చోటే లేదు. శార్దూలంలో పన్నెండోదీ మత్తేభంలో పదమూడోదీ గురువులు, బిందుయతికి దారి అక్కడ తెరుచుకుంటుంది.

అసలు చిక్కు సంధి దగ్గర వస్తుంది. ఈ రెండు పాదాలు చూడండి. ఇవి కూడా ఉత్పలమాలవే, ఇవీ ఈ వ్యాసం కోసం అల్లినవే.

ఆ నది నిండ నూరి చెరువంతయు పొంగెను గట్టు దాటుచున్
వానకు నిండి యూరి చెరువంతయు పొంగెను గట్టు దాటుచున్

రెండింటిలోనూ పదో అక్షరం ‘వం’. మొదటి పాదం ‘ఆ’తో మొదలైంది, రెండోది ‘వా’తో. కంటికి రెండోదే సరైనదిగా కనిపిస్తుంది. వా, వం కలవకపోతే ఇంకేం కలుస్తాయి? కానీ ఆ ‘వం’ ఎలా పుట్టిందో చూడాలి. చెరువు, అంతయు అన్న రెండు మాటలు కలిసి ‘చెరువంతయు’ అయింది. ‘చెరువు’లోని ఉకారం పోయి, మిగిలిన వకారం మీద ‘అంతయు’లోని అకారం ఎక్కింది. సంప్రదాయం ప్రకారం యతిని నిర్ణయించేది రెండో మాట మొదటి అచ్చు. ఇక్కడ అది అకారం. అందువల్ల ‘ఆ’తో మొదలైన మొదటి పాదానికే యతి చెల్లుతుంది. ‘వా’తో మొదలైనదానికి పైకి కనిపించే పొత్తే తప్ప లోపల పొత్తు లేదు.

రెండో పాదాన్ని సమర్థించేవారు లేకపోలేదు. సంధి జరిగిన అక్షరాన్ని విడదీయకుండా, కనిపించే రూపంతోనే యతి వేయడాన్ని అఖండయతి అంటారు. పాత కవుల ప్రయోగాలను చూపి దాన్ని ఒప్పుకున్నవారున్నారు, దోషమన్న లాక్షణికులూ ఉన్నారు. పద్యం రాసుకునేవారు ఏ పక్షమైనా పట్టవచ్చు. పాదాలిచ్చి ఒకటి ఎంచమన్నప్పుడు మాత్రం, సంధి విడదీస్తే నిలిచేది ఒకటీ అఖండయతి మీద నిలిచేది ఒకటీ ఉంటే మొదటిదానికే ఓటు వేయాలని నా అభిప్రాయం. దానిమీద ఎవరికీ పేచీ లేదు. కాబట్టి యతి స్థానంలో మాట మధ్యలో ఉన్న అక్షరం పడితే వెంటనే తీర్పు చెప్పకుండా, అక్కడ సంధి ఏమైనా జరిగిందా అని ఒకసారి విడదీసి చూడాలి.

మాట మధ్యలో యతి పడటమే తప్పు కదా అని కొందరు అడుగుతారు. ఆ అనుమానం సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ యతి అంటే విరామం, ఆ చోట పదం ఆగాలి. తెలుగులో నన్నయ కాలం నుంచీ యతి అంటే అక్షరమైత్రి. పదం అక్కడ విరిగినా విరగకపోయినా అక్షరం కలిస్తే చాలు. అందుకే ‘చెరు’ తొమ్మిదో అక్షరంతో ముగిసి ‘వం’ పదో అక్షరంగా మొదలైనా పాదానికి లోటు రాలేదు.

ఇంతవరకూ చూసింది వృత్తాల సంగతి. ఆటవెలది, తేటగీతి, సీసాల దగ్గరకొస్తే లెక్క మారుతుంది. వీటిలో ప్రాస నియమం లేదు. యతి స్థానాన్ని అక్షరాలతో కాక గణాలతో కొలుస్తారు. ఆటవెలదిలో, తేటగీతిలో నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు ఉంటాయి. ఈ మూడు పాదాలూ ఆ కొలతకు సరిపోయేవే.

చెట్టు నీడ లోన చేరిన వారికి
చెట్టు నీడ లోన పట్టిన నిద్దుర
చెట్టు నీడ లోన పాటలు పాడుచు

మొదటిదానిలో చె, చే కలిశాయి, మామూలు యతి. రెండోదానిలో చె, ప కలవవు. అయినా పాదం నిలుస్తుంది. ఎందుకంటే ఈ పద్యాల్లో యతికి బదులు ప్రాసయతి వాడుకోవచ్చు. పాదం రెండో అక్షరం ‘ట్టు’, యతి గణంలో రెండో అక్షరం ‘ట్టి’. హల్లు అదే, ద్విత్వం అదే. వాటి ముందున్న చె, ప రెండూ గురువులే. మూడో పాదంలో చె, పా కలవలేదు, ప్రాసయతితో గట్టెక్కుతుందేమో చూస్తే ‘ట్టు’కు ‘ట’ ఎదురైంది. ద్విత్వానికి ఒంటి హల్లు సరిపోదు. రెండు దారులూ మూసుకుపోయాయి.

ప్రాసయతి కూర్చునేది యతి స్థానంలోనే అయినా దానికి వర్తించేది ప్రాస న్యాయం. కాబట్టి ఇక్కడ చుట్టరికాలు పనిచేయవు. గురులఘువుల షరతు కూడా ప్రాసదే. ‘వాన కురిసె నేడు మనసున హాయిగా’ అన్న పాదంలో ‘వాన’కూ ‘మనసున’కూ రెండో అక్షరం ‘న’ అయినా ప్రాసయతి కాదు. ‘వా’ గురువు, ‘మ’ లఘువు. ‘వాన కురిసె నేడు మేనికి హాయిగా’ అంటే అయిపోతుంది. వా, మే రెండూ గురువులు, న, ని ఒకే హల్లు.

ఈ సదుపాయం ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభాలకు లేదు, కందానికీ లేదు. అక్కడ ప్రాస నియమం ముందే ఉంది, యతి విడిగా యతిగానే కుదరాలి. అందుకే ప్రశ్నలో పాదాలు చూసే ముందు అది ఏ పద్యమో చూడాలి. ‘చెట్టు’కు ‘పట్టు’ ఎదురైతే ఆటవెలదిలో ఒప్పు, ఉత్పలమాలలో తప్పు.